ఖర్చు 4,090, చేతికొచ్చింది 3,850: ఇంటర్న్ క్లెయిమ్‌లో డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు రహదారి, రెండోది బందరు పోయే 65వ నంబరుది. ఈ కూడలి చుట్టుపక్కల ఆడిట్ ఆఫీసులు, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, షోరూములు చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసే ఇంటర్న్‌లను స్టాకు లెక్కకో, బ్యాంకు ఆడిట్‌కో, సర్వేకో గుడివాడ, బందరు, ఏలూరు వైపు పంపుతుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, జీవితంలో మొదటి ఆఫీసు ఫారంగా ఖర్చుల క్లెయిమ్ నింపే పిల్లల సంఖ్య పెరిగింది.

ఆ ఫారం ఎలా నింపాలో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అకౌంట్స్ సెక్షన్‌లో ఏళ్లపాటు ఇలాంటి ఫారాలు పాస్ చేసిన అనుభవంతో ఒక క్లెయిమ్‌ను మొదటి నుంచి చివరిదాకా లెక్కగట్టి చూపిస్తాను. ఇది ఒకే మనిషి కథ కాదు. తరచూ జరిగే పొరపాట్లన్నీ ఒకచోట చేర్చి కట్టిన నమూనా. చార్జీలు, ఆఫీసు పరిమితులు లెక్క సులువుగా తెలియడానికి పెట్టుకున్నవి.

రెండు రోజుల బందరు పని

బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసులో ఒక ఇంటర్న్ అమ్మాయి పనిచేస్తోంది. జూన్ 11, 12 తేదీల్లో బందరులో ఒక గోడౌన్ స్టాకు లెక్కించి రమ్మని ఆమెకు చెప్పారు. ముందు రోజు ఆఫీసు కోసం ప్రింటరు టోనరు, లేబుల్ స్టిక్కర్లు కొంది. తిరిగొచ్చాక రాసుకున్న ఖర్చు ఇది:

- టోనరు, స్టిక్కర్లు: 1,180 రూపాయలు
- విజయవాడలో రెండు ఆటోలు: 240
- బందరుకు బస్సు, రానూపోనూ: 260
- బందరులో నాలుగు ఆటోలు: 320
- లాడ్జి, ఒక రాత్రి: 1,200
- రెండు రోజుల భోజనాలు: 540
- స్టాకు షీట్ల జిరాక్స్: 350

మొత్తం 4,090 రూపాయలు. ఇది ఆ అమ్మాయికి ఎంత బరువో తెలియాలంటే ఒక పోలిక చాలు. 2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు ఇస్తామన్నది 5,000 రూపాయలు. అందులో 4,500 ప్రభుత్వం నుంచి, 500 కంపెనీ నుంచి. ఆ 5,000లో 4,090 అంటే 82 శాతం. రెండు రోజుల పనికి దాదాపు నెల స్టైపెండ్‌ను ఆమె ఆఫీసుకు అప్పుగా ఇచ్చినట్టే.

అకౌంట్స్ వాళ్లు మొదటి విడతలో పాస్ చేసింది 3,370. ఆపేసింది 720. ఆ 720 ఏ లైనులో ఎందుకు ఆగిందో చూస్తే క్లెయిమ్ విషయం మొత్తం అర్థమవుతుంది.

ప్రతి లైనుకూ మూడు ప్రశ్నలు

క్లెయిమ్ చూసే మనిషి ప్రతి లైను దగ్గరా మూడే అడుగుతాడు. ఈ ఖర్చు పెట్టమని ఎవరు చెప్పారు? డబ్బు పుచ్చుకున్నవాడు దేనికి పుచ్చుకున్నాడు? డబ్బు నిజంగా వెళ్లిందా? మొదటిదానికి జవాబు అనుమతి. రెండోదానికి బిల్లు. మూడోదానికి చెల్లింపు ఆధారం, అంటే బిల్లు మీద 'నగదు ముట్టింది' అన్న సంతకమో యూపీఐ వివరమో.

ఇందులో చాలామంది పొరబడేది యూపీఐ దగ్గర. ఫోన్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌లో 12 అంకెల లావాదేవీ నంబరు, పేరు, మొత్తం ఉంటాయి. డబ్బు వెళ్లిందని అది రుజువు చేస్తుంది. ఏం కొన్నారో చెప్పదు. జిరాక్స్ షాపతనికి పంపిన 350 స్టాకు షీట్లకా, సొంత ప్రాజెక్టు రికార్డుకా అన్నది స్క్రీన్‌షాట్ చూసి ఎవరూ తేల్చలేరు. అందుకే స్క్రీన్‌షాట్ బిల్లుకు తోడు మాత్రమే, బిల్లుకు బదులు కాదు.

ఆటోలు: బిల్లు లేకపోయినా పాసయ్యాయి

రోడ్డు మీద ఆపి ఎక్కిన ఆటోకు బిల్లు రాదు. అయినా ఆమె ఆరు ఆటోల డబ్బు, 560 రూపాయలు, పూర్తిగా పాసయింది. కారణం ఆమె రాసిన తీరు. 'లోకల్ కన్వేయన్స్ 560' అని ఒక్క ముక్కలో రాయలేదు. ప్రతి ఆటోకు తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎంత అన్న ఐదు గడులూ నింపి, కింద 'ఇవి ఆఫీసు పని మీద నేను పెట్టిన ఖర్చులే' అని సంతకం చేసింది. దీన్ని స్వీయ ధ్రువీకరణ అంటారు.

ఇది ఒక్క ప్రైవేటు ఆఫీసుల పద్ధతే కాదు. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రయాణ భత్యం ఉత్తర్వుల్లో పే లెవెల్ 8 వరకు ఉన్న ఉద్యోగులకు ఊళ్లో తిరిగిన ఖర్చును వోచర్లు లేకుండానే, నిర్ణీత పరిమితి దాకా, స్వీయ ధ్రువీకరణ మీద ఇవ్వవచ్చని ఉంది. కాకపోతే అందులో ప్రయాణించిన తేదీలు, బండి నంబరు వంటి వివరాలు ఉండాలి. ఆటో దిగేటప్పుడు వెనక నంబరు ఒక ఫొటో తీసుకోవడం అందుకే మంచి అలవాటు.

'ఎందుకు' అన్న గడి ఎంత పనిచేస్తుందో ఈ క్లెయిమ్‌లోనే ఉంది. బస్టాండ్ నుంచి బందరు బస్సు బందరు రోడ్డు మీదుగా, బెంజ్ సర్కిల్ దాటుకునే వెళుతుంది. మరి ఆఫీసు ముందే బస్సెక్కకుండా 120 పెట్టి బస్టాండుకు ఆటో ఎందుకు? ఈ ఊరి అకౌంటెంటు ఎవరైనా అడిగే ప్రశ్నే ఇది. ఆమె ముందే రాసింది: 'టోనరు, లేబుల్ రోల్స్ ఉన్న రెండు అట్టపెట్టెలు వెంట ఉన్నందున బస్టాండులో ఎక్కాను.' తిరిగి వచ్చేటప్పటి 120 ఎదురుగా 'రాత్రి 9.30కి బెంజ్ సర్కిల్‌లో దిగి హాస్టల్‌కు' అని ఉంది. రెండూ ప్రశ్న లేకుండా పాసయ్యాయి.

బస్సు టికెట్టు: 130 ఆగింది

వెళ్లేటప్పటి టికెట్టు ఉంది. వచ్చేటప్పటిది కూడా ఫారానికి పిన్ను చేసి ఉంది, కానీ దాని మీద అక్షరాలు లేవు. కండక్టరు మెషిన్ నుంచి వచ్చేది థర్మల్ కాగితం. దాని మీద సిరా ఉండదు. వేడి తగిలినచోట కాగితం పూతే నల్లబడి అక్షరమవుతుంది. కాబట్టి ఎండ, చెమట, నూనె చేయి, ప్లాస్టిక్ కవరు, ఇవన్నీ దానికి శత్రువులే. జూన్ ఎండలో జీన్సు జేబులో ఒక పూట ఉన్న టికెట్టు రెండు వారాల తరవాత తెల్లకాగితమైనా ఆశ్చర్యం లేదు.

దీనికి మందు సులువు. టికెట్టు చేతికి రాగానే, సీట్లో కూర్చునే లోపే ఫొటో తీయాలి. నాలుగు మూలలూ, తేదీ, మొత్తం కనిపించాలి. ఇంటికొచ్చాక జిరాక్స్ తీసి అసలును దానికి జత చేయాలి. అసలు చెరిగిపోయినా నకలు మిగులుతుంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు, ఎస్సెమ్మెస్, ఈమెయిల్ ఎప్పటికీ ఉంటాయి.

లాడ్జి, భోజనం: 240 పోయింది, ఇక రాదు

లాడ్జి బిల్లు పక్కాగా ఉంది. నంబరు, తేదీ, సంతకం అన్నీ ఉన్నాయి. అయినా 1,200లో 200 కోశారు. ఆఫీసు రూల్లో ఇంటర్న్‌కు రాత్రి బసకు పరిమితి 1,000. భోజనాలకు రోజుకు 250 చొప్పున రెండు రోజులకు 500. ఆమె పెట్టింది 540, కాబట్టి అక్కడ 40 తగ్గింది. భోజనం భత్యంగా ఇస్తారు కనుక బిల్లులు అడగలేదు. తక్కువ తిన్నా 500 వచ్చేవి, ఎక్కువ తిన్నా 500 వచ్చేవి.

ఈ 240 ఎందుకు ముఖ్యమంటే, ఇది బిల్లు లేక పోయిన డబ్బు కాదు. అనుమతి లేక పోయింది. ఆమెకు పనికి వెళ్లమని చెప్పింది నోటిమాటగా. పరిమితుల సంగతి ఆమెకు తెలియదు, చెప్పినవారికి గుర్తు రాలేదు. ఆ రాత్రి ఎనిమిదింటికి 1,000లో సరైన గది దొరకనప్పుడు మేనేజరుకు ఒక మెసేజ్ పెట్టి, 'తీసుకోమ్మా' అన్న జవాబు తెచ్చుకుని ఉంటే ఆ 200 పాసయ్యేవి. క్లెయిమ్ ఇచ్చిన జూన్ 27న అదే జవాబు అడిగితే అది అనుమతి కాదు, మినహాయింపు. మినహాయింపు ఇవ్వాలంటే మేనేజరు కూడా ఇంకొకరికి కారణం రాయాలి. చాలామంది రాయరు.

కాబట్టి బయలుదేరే ముందు పెట్టవలసిన మెయిల్‌లో నాలుగే వాక్యాలు ఉండాలి. అది ఇలా ఉంటే చాలు: 'సర్, మీరు చెప్పిన ప్రకారం జూన్ 11, 12 తేదీల్లో బందరు గోడౌన్ స్టాకు లెక్కకు వెళ్తున్నాను. ఒక రాత్రి బస ఉంటుంది. అంచనా ఖర్చు 4,000 రూపాయలు, ఇందులో టోనరు, స్టిక్కర్లు 1,200. నాకు వర్తించే పరిమితులు చెప్పి అనుమతి ఇవ్వగలరు, వీలైతే 3,000 అడ్వాన్సు ఇప్పించగలరు.' ఆ మెయిల్‌కు వచ్చిన 'ఓకే' ప్రింటు తీసి క్లెయిమ్ పైన పెడితే మొదటి ప్రశ్న అక్కడే తీరిపోతుంది.

అడ్వాన్సు అడగడానికి ఇంటర్న్‌లు మొహమాటపడతారు. పడకూడదు. పెట్టీ క్యాష్ నుంచి అడ్వాన్సు ఇవ్వడానికి చాలా ఆఫీసుల్లో వోచరు ఉంటుంది. 3,000 తీసుకుంటే జేబులోంచి పోయేది 1,090 మాత్రమే. తిరిగి రాగానే లెక్క అప్పజెప్పి, మిగిలితే తిరిగి కట్టాలి, తక్కువైతే తీసుకోవాలి. పాత అడ్వాన్సు లెక్క తేలకుండా కొత్తది ఇవ్వరన్నది ఒక్కటే గుర్తుంచుకోవాలి.

టోనరు బిల్లు: ఇంటర్న్‌కు పూర్తిగా వచ్చింది, ఆఫీసుకు 180 పోబోయింది

1,180 బిల్లులో సరుకు విలువ 1,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే కేంద్రానికి 90, రాష్ట్రానికి 90. ఆఫీసు జీఎస్టీ కడుతున్న సంస్థ అయితే ఈ 180 తను కట్టవలసిన పన్నులో తగ్గించుకుంటుంది. అంటే సరైన బిల్లు తెస్తే ఆఫీసుకు ఆ సరుకు 1,000కే వచ్చినట్టు.

ఆ బిల్లు ఇంటర్న్ పేరు మీద ఉంది. ఆఫీసు జీఎస్టీ నంబరు లేదు. అలాంటప్పుడు దుకాణదారు ఆ అమ్మకాన్ని మామూలు గిరాకీకి అమ్మినట్టు రిటర్నులో చూపిస్తాడు. అది ఆఫీసు ఖాతాలో కనబడదు, 180 తగ్గించుకోవడం కుదరదు. ఇంటర్న్‌కు 1,180 ఇచ్చేశారు గానీ, కొన్ని ఆఫీసులు ఇలాంటప్పుడు 1,000 మాత్రమే ఇస్తాయి.

అందుకే కొనడానికి వెళ్లే ముందే ఆఫీసు పూర్తి పేరు, అడ్రసు, 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఫోన్‌లో దాచుకోవాలి. ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. ఆ తరవాతి పది అక్షరాలు సంస్థ పాన్ నంబరు. బిల్లు కొట్టేటప్పుడే ఫోన్ చూపించి, కౌంటరు దగ్గర నిలబడే ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి. పొరపాటు జరిగితే ఎంత త్వరగా వెనక్కి వెళితే అంత మంచిది. నెలనెలా రిటర్ను వేసే దుకాణదారు జూన్ అమ్మకాలను జులై 11 లోపు చూపించాలి. ఆ లోపు వెళితే అతను బిల్లు మార్చి రాయడం సులువు. ఆ తరవాత కూడా సవరణ దారి ఉంది, కానీ పనిగట్టుకుని చేయాలి. మన లెక్కలో అకౌంట్స్ వాళ్లు జులై 8న గమనించారు, దుకాణదారు మర్నాడే మార్చి ఇచ్చాడు.

పెద్ద మొత్తాల దగ్గర ఇంకొక హద్దు ఉంది. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇచ్చి కొంటే, ఆదాయపన్ను లెక్కలో సంస్థ దాన్ని ఖర్చుగా చూపించుకోలేదు. 2017 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 20,000. ఒకే రోజు 6,000 చొప్పున రెండు బిల్లులుగా విడగొట్టినా లాభం లేదు, రోజు మొత్తం కలిపే చూస్తారు. అలాంటి సరుకు ఇంటర్న్ జేబులోంచి కొనకూడదు. ఆఫీసే దుకాణం ఖాతాకు పంపాలి.

జిరాక్స్ చీటీ: 350 ఆగింది

ఈ క్లెయిమ్ తిరిగి రావడానికి అసలు కారణం అరచేతిలో సగం ఉన్న ఒక కాగితం. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన ముక్క మీద బాల్‌పెన్నుతో '175 × 2 = 350' అని, పక్కన ఒక గీత. షాపు పేరు లేదు, తేదీ లేదు.

"ఇది ఎవరు రాశారమ్మా?" అని అడిగితే, "షాపతనే రాసిచ్చాడండి" అంది.

"నువ్వు రాసుకున్నా ఇలాగే ఉంటుంది కదమ్మా."

ఆ మాటకు ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నిజానికి ఆమె నిజాయతీ మీద ఎవరికీ అనుమానం లేదు. ఏడాది తరవాత ఆడిటర్ ఈ కాగితం చూసినప్పుడు ఆమె అక్కడ ఉండదు, కాగితమే మాట్లాడాలి. కచ్చా చీటీకీ పక్కా బిల్లుకూ తేడా అదే.

పక్కా బిల్లంటే జీఎస్టీ బిల్లే కానక్కర్లేదు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్న జిరాక్స్ షాపుకు, లాడ్జికి జీఎస్టీ నంబరు ఉండకపోవచ్చు. అప్పుడు షాపు పేరు, ఊరు, బిల్లు నంబరు, తేదీ, ఏమిటి ఎన్ని, మొత్తం, సంతకం ఉంటే సరిపోతుంది. బిల్లు బుక్కు లేదంటే షాపు రబ్బరు స్టాంపు వేయించుకోవాలి. జీఎస్టీ నంబరున్న దుకాణంలో 200 లోపు వస్తువుకు బిల్లు ఇవ్వకపోతే, అడిగి తీసుకోవచ్చు. ఆ మినహాయింపు అడగని గిరాకీల విషయంలోనే. లాడ్జి వంటివాళ్లకు నగదుగా 5,000 దాటి ఇచ్చినప్పుడు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు కూడా ఉందో లేదో చూసుకోవాలి.

మూడు రోజుల ఆలస్యం, ముప్పై ఒక్క రోజుల నిరీక్షణ

ఈ ఆఫీసులో నెలనెలా 25లోపు వచ్చిన క్లెయిములు ఆ నెలాఖరుకు ఇస్తారు. ఆమె జూన్ 24న ఇచ్చి ఉంటే జూన్ 30న డబ్బు వచ్చేది. 27న ఇచ్చింది. క్లెయిమ్ జులై బ్యాచ్‌లో పడి జులై 31న చేతికొచ్చింది. మూడు రోజులు ఆలస్యమైతే ముప్పై ఒక్క రోజులు పోయాయి. జూన్ 11 నుంచి లెక్కవేస్తే ఆ డబ్బు 50 రోజులు ఆమె దగ్గర లేదు.

ఈ మధ్యలో ఆమె రెండు పనులు చేసింది. చెరిగిపోయిన టికెట్టుకు బదులు ప్రయాణించిన తేదీ, సమయం, చార్జీ రాసి సంతకం చేసి, అదే రూటులో వెళ్లేటప్పటి టికెట్టు మీద 130 ఉందని చూపించి, మేనేజరు చేత ధ్రువీకరణ రాయించింది. జిరాక్స్ షాపతనికి ఫోన్ చేసి, యూపీఐ నంబరు చెప్పి, ఆ తేదీతో స్టాంపు వేసిన బిల్లు రాయించి, గోడౌన్ మనిషి ద్వారా తెప్పించుకుంది. 130, 350 కలిపి 480 పాసయింది. మొదట పాసైన 3,370తో కలిపి 3,850.

ఆఫీసు మారితే గడువు మారుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒకప్పుడు ప్రయాణ భత్యం అడగడానికి ఏడాది గడువుండేది. 2018 మార్చిలో దాన్ని 60 రోజులకు కుదించారు. ఇంటర్న్‌షిప్పే రెండు నెలలైతే 60 రోజులన్నా ఎక్కువే. చివరి వారంలో పెట్టిన ఖర్చును ఆఫీసు వదిలే రోజుకు ముందే ఇచ్చేయాలి. ఐడీ కార్డు తిరిగి ఇచ్చాక మెయిల్ ఆగిపోతుంది, అనుమతి మెయిల్ కూడా దానితోనే పోతుంది.

ఆగిన 720ని మళ్లీ చూస్తే

ఆ 720లో 130 బస్సు సీట్లో కూర్చున్నప్పుడు, 350 జిరాక్స్ కౌంటరు దగ్గర, 200 లాడ్జి కౌంటరు దగ్గర, 40 పరిమితి అడగకపోవడం వల్ల ఆగాయి. ఫారం నింపేటప్పుడు ఆగింది ఒక్క రూపాయి కూడా లేదు. ఫారం చక్కగానే ఉంది, కూడిక తప్పు లేదు.

అందుకని ఈ వారం ఆఫీసు పని మీద ఎక్కడికైనా వెళ్తున్న పిల్లలకు ఒక మాట. మీ క్లెయిమ్‌ను మీరు నింపేది తిరిగొచ్చాక బల్ల దగ్గర కాదు, డబ్బు ఇచ్చే చోట. బయలుదేరే ముందు మెయిల్ పెట్టండి, పరిమితి అడగండి. డబ్బు ఇచ్చి కదిలే ముందు చేతిలోని కాగితం మీద పేరు, తేదీ, మొత్తం ఉన్నాయా అని ఒక్కసారి చదవండి, ఫొటో తీయండి. వాళ్లను పంపే పెద్దలకు ఇంకొక మాట. నెలకు ఐదువేలు వచ్చే పిల్లను నాలుగువేల ఖర్చున్న పని మీద పంపేటప్పుడు, పరిమితులు రాసిన కాగితం, అడ్వాన్సు ముందే చేతిలో పెట్టండి.